రెండో ఏడు వేరు, రెండేళ్లు వేరు

ఫిబ్రవరి 10, ఆగస్టు 10. ఈ రెండు తేదీలు దగ్గరపడ్డాయంటే మా బాలవాడి ముందు ఆడవాళ్ల గుంపు పెరుగుతుంది. నట్టల గోలీ ఇచ్చే రోజులవి. 2015లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. అప్పుడప్పుడు తేదీ అటూ ఇటూ జరుగుతుంది, కొన్ని రాష్ట్రాల్లో ఏడాదికి ఒక్కసారే ఇస్తారు. ఒకటి నుంచి 19 ఏళ్ల దాకా బాలవాడిలోనో బడిలోనో ఊరికే ఇస్తారు.

షోలాపూర్‌లో మా వాడ మీకు తెలిసిందే. మగవాళ్లు పవర్‌లూమ్ పాళీకి పోతారు, ఆడవాళ్లు గడప దగ్గర కూర్చుని బీడీలు చుడతారు, పిల్లలు పక్కనే నేల మీద పాకుతుంటారు. కాబట్టి కడుపులో నట్టలంటే ఎవరికీ కొత్త చెప్పనక్కర్లేదు. గోలీ వద్దనేవాళ్లు ఇప్పుడు తక్కువ. నాకు వచ్చే తకరారు అంతా వయసు మీదే. అదీ ముఖ్యంగా ఏడాది దగ్గర, రెండేళ్ల దగ్గర.

మన మాటలోనే ఒక చిక్కుంది. "వీడికి రెండో ఏడు" అంటాం. అంటే ఒకటి నిండి రెండోది నడుస్తోందని. చెప్పేటప్పుడు మాత్రం అది "రెండేళ్లోడు" అయిపోతుంది. వింటున్న కొత్త ఆశాతాయి రెండు నిండాయనుకుంటుంది. గోలీ లెక్కలో ఈ రెండింటికీ సగానికి సగం తేడా. మేమిచ్చే గోలీ పేరు ఆల్బెండజోల్, ఒక్కోటి 400 మిల్లీగ్రాములు. ఏడాది నిండి రెండు నిండని పిల్లకు సగం గోలీయే, అంటే 200. రెండు నిండినవాళ్లకు నిండు గోలీ. ఆ తర్వాత మూడేళ్ల పిల్లకైనా 19 ఏళ్ల పిల్లకైనా అదే ఒక్క గోలీ, పెద్దయ్యారని రెండు ఇవ్వరు. ఏడాది నిండని వాళ్లకు అసలే లేదు.

అందుకే నేను నోటి మాట వినను. టీకాల కార్డు తెమ్మంటాను. దీనికి కొందరికి కోపం.

మొన్నటి ఆగస్టులో ఒక అవ్వ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. "వీడికి ఏడాది నిండింది బిడ్డా, నిన్ననే పాయసం చేసిన. గోలీ సగం ఇయ్యి" అంది. పిల్లవాడు మార్కండేయ రథోత్సవం రోజున పుట్టాడు. మళ్లీ రథోత్సవం వచ్చింది, ఏడాది నిండింది. అవ్వ లెక్కలో తప్పేమీ లేదు. కానీ రథోత్సవం నారళీ పున్నానికి వస్తుంది, పున్నం ఏటా ఒకే తేదీకి రాదు. 2024లో అది ఆగస్టు 19న పడింది, 2025లో ఆగస్టు 9కే వచ్చేసింది. కార్డు మీద పుట్టిన తేదీ 19-8-2024. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. జూలై 19కి పదకొండు నెలలు, అక్కడి నుంచి ఆగస్టు 10కి ఇరవై రెండు రోజులు. ఏడాదికి ఇంకా తొమ్మిది రోజులు తక్కువ.

అవ్వకు మండింది. "తొమ్మిది దినాలకు ఏమయితది? పక్కింటి పోరికి ఇచ్చినవ్, మా పోరనికి ఇయ్యవా? రాత్రంతా పళ్లు కొరుకుతుండు, చొంగ కారుస్తుండు, నట్టలు గాకపోతే ఏంది?" పక్కనున్న కోడలు ఏం మాట్లాడలేదు కానీ ఆమె మొహంలోనూ అదే ప్రశ్న. వాళ్లింట్లో అంతకుముందు ఒక పిల్ల కడుపు ఉబ్బి, నెత్తురు తగ్గి దవాఖానాలో ఉండి వచ్చింది. ఆ భయం వాళ్లకు ఉంది. ఉత్తినే గొడవ పడటానికి వచ్చినవాళ్లు కాదు.

తొమ్మిది రోజుల్లో ఏమీ మారదని నేనూ ఒప్పుకున్నాను. పుట్టినరోజు నాటి పొద్దున మందు మంచిదై, ముందు రోజు రాత్రి విషమై ఉండదు. కానీ గీత ఎక్కడో గీయాలి, దాన్ని ఏడాది దగ్గర ఎందుకు గీశారో చెప్పాను. మీకూ చెప్తాను.

ఈ మందు నీళ్లలో సరిగా కరగదు. మింగినదాంట్లో చాలా భాగం పేగులోనే ఉండిపోతుంది, అక్కడే నట్టల మీద పనిచేస్తుంది. నట్టకు చక్కెర అందకుండా చేస్తుంది, అది తిండి లేక రోజుల్లో చస్తుంది. (గోలీ వేసిన మర్నాడు దొడ్డికిలో పురుగు కనపడలేదని "మందు కల్తీది" అనేవాళ్ల కోసం చెప్తున్నా. చచ్చిన నట్ట చాలాసార్లు కనపడకుండానే పోతుంది.) కొద్ది భాగం మాత్రం రక్తంలోకి ఎక్కుతుంది. దాన్ని కాలేయం వేరే రూపంలోకి మార్చి బయటికి పంపాలి. పుట్టిన మొదటి నెలల్లో పిల్లల కాలేయానికీ మూత్రపిండాలకీ ఆ పని పూర్తిగా చేతకాదు. నెలనెలా నేర్చుకుంటూ వస్తాయి. ఏడాది దాటిన పిల్లల్లో ఈ మందు ఇచ్చి చూసిన అనుభవం ప్రపంచమంతటా ఉంది, ఇబ్బంది లేదని తేలింది. ఏడాది లోపు వాళ్లలో అంత అనుభవం లేదు. దీని జాతిదే మెబెండజోల్ అనే ఇంకో మందుంది. దాన్ని ఏడాది లోపు పసికందులకు వేసినప్పుడు, చాలా అరుదుగానే అయినా, ఫిట్స్ వచ్చినట్టు ఆ మందు కాగితం మీదే రాసి ఉంటుంది.

ఇంకోటి ఉంది. మేము ఈ గోలీ దొడ్డికి పరీక్ష చేసి ఇవ్వం. నట్టలున్నా లేకపోయినా వరసలో నిలబడ్డ ప్రతి పిల్లకూ ఇస్తాం. జబ్బుతో వచ్చిన ఒక్క పిల్లకు డాక్టరు తూకం చూసి మందు రాయడం వేరు, బాగున్న వందమందికి కళ్లు మూసుకుని ఇవ్వడం వేరు. అలా ఇవ్వాలంటే ఏ వయసులో భయం లేదని గట్టిగా తెలుసో ఆ వయసుకే ఇవ్వాలి.

ఇటు అవసరమూ తక్కువే. ఏలికపాము గుడ్డు మట్టిలో పడ్డాక రెండు మూడు వారాలకు గానీ అంటుకునే స్థితికి రాదు. అది నోట్లోకి పోయాక పేగు నుంచి ఊపిరితిత్తులకు పోయి, తిరిగి పేగులోకొచ్చి పెరిగి పెద్దదవడానికి ఇంకో రెండు మూడు నెలలు. కొంకిపురుగు చెప్పుల్లేని కాలి చర్మంలోంచి దూరుతుంది. తల్లిపాల మీద, ఉయ్యాలలో ఉన్న పిల్లకు ఇవన్నీ జరిగే సందు తక్కువ. పాకడం మొదలయ్యాక, ఎనిమిది తొమ్మిది నెలల నుంచి, మట్టి నోట్లో పెట్టుకుంటారు, నిజమే. కానీ అవి కడుపులో పెరిగి బలం చూపించేసరికి పిల్లకు ఏడాది దాటుతుంది. అప్పుడు గోలీ ఉండనే ఉంది.

పళ్లు కొరకడం, చొంగ కారడం అంటారా, ఆ వయసులో పళ్లొస్తుంటాయి. అవ్వ మనవడి కింది చిగురు వేలుతో ముట్టి చూడమన్నాను. కొత్త పన్ను గీరుకుంది.

నిజంగానే ఏడాది లోపు పిల్ల దొడ్డికిలో పాము పడినా, నోట్లోంచి వచ్చినా బాలవాడికి కాదు, పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఏ మందు, ఎంత అనేది ఆయన చూసి చెప్పాలి. కడుపు బిగిసి ఉబ్బి, దొడ్డికి రాక, పచ్చగా వాంతులవుతుంటే ఏ వయసైనా సరే పెద్ద దవాఖానాకు ఆ గంటే పోవాలి. నట్టలు ఉండలు కట్టి పేగుకు అడ్డం పడితే అలా అవుతుంది.

అవ్వ వెళ్లిపోయింది. నాలుగు రోజులకు కోడలు ఒక్కతే వచ్చింది, చీర కొంగులో చిన్న సీసా. అత్త మందుల దుకాణంలో అడిగితే సగం తాగించమని ఇచ్చాడట. ఇంకా మూత తీయలేదు. మామూలుగా ఆల్బెండజోల్ సీసాలో 10 మిల్లీలీటర్లుంటుంది, మొత్తం కలిపి 400, అంటే ఒక గోలీకి సమానం. కానీ ఈ సీసా మీద పేరు పక్కన "ప్లస్" అని ఉంది. తిప్పి చదివితే లోపల ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఉంది. ఐవర్‌మెక్టిన్‌ను 15 కిలోల లోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు. ఈ పిల్లవాడు మా తక్కెడలో ఎనిమిదిన్నర కిలోలు తూగాడు. వాపసు ఇచ్చేయమన్నాను. తీపిగా, గులాబి రంగులో ఉండే మందు చిన్నపిల్లల మందేనని మనం అనుకుంటాం. సీసా వెనక ఏమేం కలిపారో చదివించుకోకుండా పోయకండి.

ఒకవేళ ఇప్పటికే ఎవరైనా ఏడాది లోపు పిల్లకు తెలియక పోసేసి ఉంటే గాబరా పడి ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. సీసాతో సహా డాక్టరుకు చూపించండి.

ఇచ్చే పద్ధతి కూడా వయసుతో మారుతుంది. మూడేళ్ల లోపు పిల్లకు గోలీ ముక్క నోట్లో వేయకూడదు, గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. రెండు శుభ్రమైన చెంచాల మధ్య పెట్టి పొడి చేసి, చెంచాడు నీళ్లలో కలిపి కూర్చోబెట్టి తాగిస్తాం. ఏడుస్తుంటే ఆగుతాం. ముక్కు మూసి, కాళ్లు పట్టుకుని పోయడం పాత అలవాటు, అది నా దగ్గర జరగనివ్వను. మూడు దాటినవాళ్లు మా కళ్లముందే నమిలి నీళ్లు తాగాలి. ఇంటికి పట్టుకుపోతామంటే ఇవ్వం. సగం విరిచాక మిగిలిన సగం కూడా ఎవరి కొంగుకూ కట్టం, అదే వయసున్న ఇంకో పిల్లకు అప్పుడే వాడేస్తాం. జ్వరమో ఇంకేదైనా జబ్బో ఉన్న పిల్లకు ఆ రోజు ఆపి, మిగిలినవాళ్లకు ఇచ్చే రోజున పిలుస్తాం. ఇచ్చాక కొందరికి కాస్త కడుపునొప్పి, వాంతి, నీరసం వస్తాయి. కడుపులో నట్టలు ఎక్కువున్నవాళ్లకే ఎక్కువ. మామూలుగా కాసేపు పడుకోబెట్టి నీళ్లు తాగిస్తే తగ్గుతుంది.

ఆ కోడలి కార్డు వెనక పెన్సిలుతో రాసిచ్చాను. 2026 ఫిబ్రవరిలో పిల్లవాడికి 17 నెలలు దాటి ఉంటాయి, సగం గోలీ. 2026 ఆగస్టు 10 నాటికి 23 నెలల 22 రోజులు, అప్పుడూ సగమే. 2027లో రెండుసార్లూ నిండు గోలీ, కానీ పొడి చేసే, ఎందుకంటే ఆ ఆగస్టు 10కి కూడా మూడేళ్లకు తొమ్మిది రోజులు తక్కువ. 2028 ఫిబ్రవరి నుంచి నమలవచ్చు. ఆమె చదువుకుని నవ్వింది. "అంటే వీడు ప్రతి ఆగస్టులోనూ తొమ్మిది దినాలు వెనకే ఉంటడన్నమాట తాయీ. అత్తకు ఏటేటా చెప్పాలె."