వ్రాతప్రతి వయస్సును పురుగే చెబుతుంది

పురాతనమైనదని చెప్పి అమ్మజూపే ఖుర్‌ఆన్ వ్రాతప్రతిని చూడగానే మనస్సు కరుగుతుంది. ఆ భక్తినే కొందరు సొమ్ము చేసుకుంటారు. మా దిండిలో గల్ఫ్ నుండి వచ్చిన ఒక యువకుడు, మూడు వందల ఏళ్ల నాటిదంటూ ఒక వర్తకుడు చూపిన ప్రతిని కొనబోతూ నా వద్దకు తెచ్చాడు.

నేను ముందుగా రంధ్రాలను చూశాను. గోదావరి తేమలో నా కితాబులను తొలిచే పురుగు వంకరగా పోతుంది. ఒక పుటలోని రంధ్రం కొన్ని పుటల తరువాత పక్కకు జరిగి, ఆకారం మారుతుంది. ఈ ప్రతిలో ఇరవై పుటల వరకు ఒకే చోట, ఒకే గుండ్రని రంధ్రం. ప్రతి పుటకు వెనుకవైపు కాగితం పొడుచుకు వచ్చింది. అది మేకు పని.

కాలం కాగితాన్ని అంచుల నుండి లోపలికి గోధుమరంగుకు తిప్పుతుంది. ఇక్కడ టీ డికాక్షన్‌లో ముంచినట్లు కుట్టు మడతలోనూ అదే రంగు. పుట తిప్పేటప్పుడు వేలు తగిలే క్రింది మూల ఎక్కువగా నలగాలి. ఇక్కడ అన్ని మూలలూ సమానంగా అరిగాయి. యువకుడు బేరం మానుకున్నాడు.

అయితే నిజంగా పాతదైన ఖాళీ కాగితంపై కొత్తగా వ్రాసేవారూ ఉన్నారు. అప్పుడు భూతద్దంతో సిరాను చూడాలి. పురుగు అక్షరాన్ని కొరికి ఉంటే వ్రాత ముందుది. రంధ్రపు అంచులోకి సిరా ఇంకినా, అక్షరం రంధ్రాన్ని తప్పించుకున్నా, పురుగు తరువాతే కలం నడిచింది.

ప్రతి వయస్సు అబద్ధమైనా అందులోని వాక్యం అల్లాహ్‌దే. కనుక దానిని గౌరవంగానే తిరిగి అప్పగించాలి. లేని వయస్సుకు మాత్రం వెల చెల్లించరాదు.