ఎక్కేటప్పుడు ఊపిరి పోయింది, దిగేటప్పుడు ఉద్యోగం పోయింది

ఈ పోస్టు కొంచెం పెద్దది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి. నేను 6 సెకన్లలో పోగొట్టుకున్నది మీలో ఒక్కరు కూడా పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నా.

మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు. ప్రిలిమ్స్ పాసయ్యాక రెండేళ్లపాటు విశాఖలో రూమ్ తీసుకుని చదువుకున్నాను. పొద్దున్నే అక్కడి గ్రౌండ్‌లో పరిగెత్తేవాణ్ణి. ఆ గ్రౌండ్ అంతా చదునే. 1600 మీటర్లు 7 నిమిషాల 35 సెకన్లలో కొట్టేవాణ్ణి. మగవాళ్లకి టైము 8 నిమిషాలు కాబట్టి 25 సెకన్లు చేతిలో ఉన్నాయని ధైర్యంగా ఉండేవాణ్ణి.

ఈవెంట్స్‌కి మూడు రోజుల ముందు ఇంటికి వెళ్లాను. మర్నాడు పొద్దున్న మా చిన్నాన్న కొడుకుని లేపి, "పదరా, ఘాట్‌లో ఒక రౌండ్ వేద్దాం" అన్నాను. ముందు కిలోమీటరు దూరం పైకి ఎక్కాం. ఊపిరి అందలేదు, పిక్కలు మండిపోయాయి. ఎగువకి పరిగెత్తితే అలసిపోతాను, ఈవెంట్స్ దగ్గరికొచ్చాయి కదా, దిగువకి పోతే ఒళ్లు తేలిగ్గా ఉంటుంది అనుకున్నాను. అక్కణ్ణించి కిందికి 5 కిలోమీటర్లు ఆపకుండా దిగిపోయాం. 21 నిమిషాలే పట్టింది. చదును మీద నాకు అదే దూరం 25 నిమిషాలు పడుతుంది. ఆయాసమే లేదు, మాట్లాడుకుంటూ దిగాం. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తిరిగి జీపులో పైకి వచ్చేశాం.

ఆ రాత్రికి ఏమీ లేదు. తెల్లారి లేచేసరికి తొడల ముందు భాగం చేయి పెడితే చాలు నొప్పి. సాయంత్రం విశాఖ బస్సు దిగేటప్పుడు కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. ఆ మర్నాడే ఈవెంట్స్. ట్రాక్ మీద మొదటి రౌండ్ ఎలాగో అయింది. రెండో రౌండ్ నుంచి మోకాలు వంగిన ప్రతిసారీ తొడ నన్ను మోయలేనట్టు జారిపోయేది. 8 నిమిషాల 6 సెకన్లు. పక్కకి నిలబెట్టేశారు.

ఊళ్లో చెప్తే అందరూ "పరిగెత్తినందుకు నొప్పులు సహజమే కదా" అన్నారు. నన్ను తొలిచింది వేరే విషయం. మా తమ్ముడూ నాతోపాటే, అదే రోడ్డు, అదే స్పీడ్‌లో దిగాడు. వాడికి ఏ నొప్పీ లేదు. తెల్లారే పశువుల్ని తోలుకుని కొండెక్కాడు. ఇంకోటి, ఎక్కేటప్పుడు కదా నేను చచ్చిపోయినంత పనయింది, దిగేటప్పుడు హాయిగా ఉంది. మరి హాయిగా ఉన్న పని ఎందుకు దెబ్బకొట్టింది? తర్వాత బీపీఎడ్‌లో చేరాక ఈ రెండు ప్రశ్నలకీ జవాబు దొరికింది.

మన ఘాట్‌లో జీపుని గుర్తు తెచ్చుకోండి. ఎక్కేటప్పుడు ఇంజన్ మూలుగుతుంది, వేడెక్కుతుంది, డీజిల్ తాగుతుంది. దిగేటప్పుడు ఇంజన్‌కి పనే ఉండదు, కానీ బ్రేకులు కాలిన వాసన వస్తుంది. అరిగేది బ్రేకు లైనర్లు. మన ఒంట్లో కూడా ఇంతే. తేడా ఏంటంటే, ఇంజనూ బ్రేకూ రెండూ కండరాలే.

ఎగువకి పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటిని పైకి లేపాలి. అందుకు పిర్ర కండరం, పిక్క, తొడ కండరాలు కుదించుకుంటూ పనిచేస్తాయి. పిర్ర కండరం తొడని వెనక్కి తోస్తుంది, పిక్క మడమని లేపుతుంది, తొడ ముందు కండరం వంగిన మోకాలిని నిటారు చేస్తుంది. ఈ పనికి ఆక్సిజన్ బాగా కావాలి. అందుకే ఆయాసం, మంట. కానీ నేల మనకి ఎదురొస్తున్నట్టు ఉంటుంది కాబట్టి పాదం మెత్తగా ఆనుతుంది, దెబ్బ తక్కువ.

దిగువకి దిగేటప్పుడు పని తిరగబడుతుంది. పాదం ఆనగానే మన బరువు ముందుకీ కిందికీ పోతుంది, మోకాలు వంగుతుంది. ఆ వంగడాన్ని ఆపి పట్టుకోకపోతే ముక్కు బద్దలవుతుంది. పట్టుకునేది తొడ ముందు ఉన్న నాలుగు తలల కండరం. అది బిగుసుకుని లాగుతూనే ఉంటుంది, మోకాలు వంగుతున్న కొద్దీ బలవంతంగా సాగుతూనే ఉంటుంది. బావిలో నిండు బిందెని తాడుతో పైకి లాగితే చేతులు అలుస్తాయి. అదే బిందెని తాడు జార్చుతూ కిందికి దించితే అలుపు ఉండదు, అరచెయ్యి ఒరుసుకుపోతుంది. తొడకి జరిగేది ఈ రెండోదే. బిగుసుకుంటూ సాగే ఈ పనిని పుస్తకాల్లో ఎక్సెంట్రిక్ కాంట్రాక్షన్ అంటారు.

ఇందులో ఒక మోసం ఉంది. సాగుతూ పనిచేసేటప్పుడు ఒక్కో కండర పోగు ఎక్కువ బలం పట్టగలదు. కాబట్టి అదే బరువుకి మెదడు తక్కువ పోగుల్నే పనికి పిలుస్తుంది. పదిమంది మోసే దుంగని నలుగురి భుజాల మీద పెట్టినట్టు. మొత్తం ఖర్చు తక్కువ, అందుకే ఆయాసం రాదు. కానీ ఆ నలుగురి భుజాలు ఒరుసుకుపోతాయి. పోగు లోపల సార్కోమియర్లు అనే చిన్న గదులు గొలుసులా వరసగా ఉంటాయి. గట్టిగా సాగదీస్తే అన్నీ సమానంగా సాగవు. బలహీనమైనవి ముందు తెగేదాకా సాగిపోతాయి. వేల అడుగులకి ఈ చిన్న చిన్న గాయాలు పోగవుతాయి.

నా లెక్కే చూడండి. 5 కిలోమీటర్లకి సుమారు 300 మీటర్ల ఎత్తు దిగాను. అడుగుకి ఒక మీటరు వేసుకుంటే 5000 అడుగులు, అంటే కాలికి 2500. ఒక్కో అడుగుకి నా 58 కిలోల ఒళ్లు చదును మీద కన్నా 6 సెంటీమీటర్లు అదనంగా కిందికి పడుతుంది, దాన్ని కాలు పట్టుకుని ఆపాలి. 6 సెంటీమీటర్లు ఏమంత పెద్దది అనిపిస్తుంది. ఒక్కో కాలికి 2500 సార్లు, అదీ పరుగులో.

నొప్పి వెంటనే ఎందుకు రాలేదు? గాయమైన చోట వాపు, మరమ్మతు మొదలవడానికి టైము పడుతుంది. నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా పెరుగుతుంది. నేను ట్రాక్ మీద నిలబడింది సరిగ్గా 48 గంటలకి. "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, నిమ్మకాయ నీళ్లు తాగు" అని మా రూమ్‌లో అన్న ఒకాయన చెప్పాడు. అది నిజం కాదు. లాక్టేట్ ఎక్కువగా పుట్టేది ఎక్కేటప్పుడు, అది కూడా గంట, గంటన్నరలో రక్తం నుంచి సర్దుకుంటుంది. 1983లో అమెరికాలో ష్వేన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు దీన్ని పరీక్షించారు. ట్రెడ్‌మిల్ మీద 45 నిమిషాలు చదునుగా పరిగెత్తినప్పుడు లాక్టేట్ పెరిగింది, తర్వాత నొప్పులు రాలేదు. 10 శాతం వాలులో దిగినప్పుడు లాక్టేట్ పెరగలేదు, నొప్పులు మాత్రం వచ్చాయి.

నొప్పి కన్నా ముఖ్యమైనది బలం తగ్గడం. అది దిగిన వెంటనే మొదలవుతుంది. నొప్పి తగ్గిపోయాక కూడా కొన్నాళ్లు ఉండొచ్చు. కాబట్టి "నొప్పి పోయింది, రెడీ" అనుకోవద్దు. నేను చూసుకునే గుర్తు ఒకటి చెప్తా. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టంగా ఉందా? గొంతుక్కూర్చునేటప్పుడు తొడలు వణికి ఆఖర్లో కూలబడుతున్నారా? అయితే బ్రేకు ఇంకా బాగవలేదు. ఆ రోజు స్పీడ్ పరుగు వద్దు, నడవండి.

ఇక మా తమ్ముడి సంగతి. ఆ రోజు నేను గుమ్మంలో గోడ పట్టుకుని దిగుతుంటే మా పెద్దమ్మ నవ్వి, "పట్నం నేల నీ కాళ్లని మెత్తబరిచేసింది రా అయ్యా" అంది. తనేమో ప్రతి వారం పసుపు మూట నెత్తిన పెట్టుకుని కొండ దిగి సంతకి పోతుంది. అప్పుడు కోపమొచ్చింది గానీ, తను చెప్పింది పూర్తిగా కరెక్ట్. ఒకసారి దిగువ పనికి దెబ్బతిని బాగైన కండరం, మళ్లీ అదే పనికి అంత దెబ్బ తినదు. ఈ కాపుదల కొన్ని వారాలు ఉంటుంది, ఆ పని మానేస్తే మెల్లగా పోతుంది. తమ్ముడికి, పెద్దమ్మకి అది రోజూ కొత్తగా అందుతూనే ఉంది. నాకు రెండేళ్ల చదును గ్రౌండ్‌లో పోయింది. కొండోణ్ణి, నాకేంటి అనుకున్నాను. కాళ్లు పుట్టిన ఊరు చూడవు, నిన్నమొన్న చేసిన పని చూస్తాయి.

తర్వాత నోటిఫికేషన్‌కి తమ్ముడితోపాటు మా ఊరి పిల్లలు ఇంకో ముగ్గురు హాస్టళ్ల నుంచి వచ్చారు. వాళ్లకి ఇలా చేయించాను. ఈవెంట్స్‌కి ఆరు వారాల ముందు, తక్కువ వాలున్న చోట 200 మీటర్లు నాలుగుసార్లు మెల్లగా దిగడం, నడుచుకుంటూ ఎక్కడం. కొంచెం నొప్పులొచ్చాయి. అవి పూర్తిగా తగ్గాక, వారానికి ఒక్కసారి, ఆరుసార్లు, తర్వాత ఎనిమిదిసార్లు. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా. పాదం ఒంటికి కిందే పడాలి. వెనక్కి వాలి కాలు ముందుకి చాపి మడమతో తొక్కితే ప్రతి అడుగూ సడన్ బ్రేకే. ఆఖరి రెండు వారాలు దిగువ పరుగు పూర్తిగా బంద్. మిగతా స్పీడ్ పని అంతా చదును మీదే, ఎందుకంటే పరీక్ష జరిగేది చదును మీద. ఊపిరి పెంచుకోవాలంటే ఎగువకి పరిగెత్తండి, పైకెళ్లాక నడుచుకుంటూ దిగండి.

ఒక్క జాగ్రత్త. నొప్పులు మామూలుగా నాలుగైదు రోజుల్లో దిగుతాయి. తొడలు బాగా వాచి, మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్రం అది మామూలు నొప్పి కాదు. కండరం విరిగి రక్తంలో కలుస్తోంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. చెమటతో ఎండిపోయిన ఒంటి మీద నొప్పి మాత్రలు వేసుకుని మళ్లీ పరిగెత్తడం కూడా కిడ్నీలకి ప్రమాదమే.

తమ్ముడు ఈవెంట్స్‌లో 1600 మీటర్లు 7 నిమిషాల 20 సెకన్లలో దాటాడు. ఫలితం వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి, "అన్నా, ఆ రోజు నువ్వు నన్ను లేపకుండా ఉండాల్సింది" అన్నాడు. అవును రా, లేపకుండా ఉండాల్సింది. ఈవెంట్స్‌కి ఇంటి నుంచి వెళ్లే వాళ్లెవరైనా ఉంటే, ఆ వారం ఘాట్‌ని బస్సులోనే దిగండి.