గుంజుడా? నూకుడా?

"మామా, వాతావరణ పీడనమంటే ఏంది? జెర మంచిగ చెప్పు."

జగిత్యాల దగ్గర పల్లె నుంచి అక్క బిడ్డ ఫోన్. కరీంనగర్‌లో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ణి, ఆ మాట వింటే ఆగుతానా? టారిసెల్లీ నుంచి మొదలుపెట్టాను. పాదరసం 76 సెంటీమీటర్లు నిలుస్తుందన్నాను, దాని సాంద్రత 13.6 కాబట్టి నీళ్లయితే 10.3 మీటర్లన్నాను. ఒక్క తప్పు లేకుండా చెప్పానని నాకు నేనే మెచ్చుకున్నాను. "అర్థమైంది మామా" అని పెట్టేసింది.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. బావ అప్పు తెచ్చి ఐదు హెచ్‌పీ మోటరు కొన్నాడట. బావి ఒడ్డున ఉన్న పాత మూడు హెచ్‌పీ మోటరు ఎండాకాలం రాగానే నీళ్లు తియ్యడం మానేసిందట. కొత్తదీ చుక్క ఎత్తడం లేదు. మడి ఎండుతోంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. బావి దగ్గర చూస్తే నీళ్లు పది గజాల లోతున ఉన్నాయి, అంటే ముప్పై అడుగులు. మోటరు గిర్రున తిరుగుతోంది కానీ పంపు ఒళ్లు కాలుతోంది. నీళ్లు అందని పంపు అలాగే వేడెక్కుతుంది. పిల్ల మెల్లగా అంది, "అందుకే అడిగిన మామా ఆనాడు. పెద్ద మోటరైతే ఎక్కువ లోతుకెల్లి గుంజుతదా అని."

ఆ సంగతి ఫోన్లో తను చెప్పలేదు. ఏ తరగతికి వచ్చావని నేనూ అడగలేదు. ఎనిమిదట. సాంద్రత అన్న మాట ఇంకా వినలేదట. నేను చెప్పినదంతా దాని చెవి పక్కనుంచే పోయింది.

ఈసారి ముందు అడిగాను. "స్ట్రాతో కూల్‌డ్రింక్ ఎట్ల వస్తది?" "నోటితోని గుంజుతం." "ఇంకా గట్టిగ గుంజితే?" "ఇంకా ఎత్తుకు వస్తది." దొరికింది. ఆ లెక్కన ఐదు హెచ్‌పీ కొనడమే న్యాయం! పక్కనే ఉన్న దాని పెద్దనాన్న కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. P = hρg అని టక్కున చెప్పాడు. కానీ మోటరు సంగతి అడిగితే వాడూ "పెద్దదైతే ఎక్కువ గుంజుతది" అనే అన్నాడు. తరగతి తెలిస్తే ఏ మాటలు వాడాలో తెలుస్తుంది కానీ, ముడి ఎక్కడుందో తెలియదు. ఇద్దరి ముడీ 'గుంజుడు' దగ్గరే ఉంది.

గాజు సీసా నిండా నీళ్లు పోయించి, మూతకు బెజ్జం చేసి, స్ట్రా దూర్చి, చుట్టూ కొవ్వొత్తి మైనంతో మూసేశాను. పిల్ల బుగ్గలు నొప్పెట్టేలా పీల్చినా నీళ్లు రాలేదు. మైనం తియ్యగానే వచ్చాయి. "లోపలికి ఏం పోయింది?" "గాలి..." కాసేపు సీసాకేసి చూసి తనే అంది, "అంటే నేను గుంజుతలేను. గాలి నూకుతున్నది!"

ఇక లెక్క. దానికి లీటరు తెలుసు, కిలో తెలుసు. అంతవరకే వాడుకున్నాను. గాలి చిటికెన వేలి గోరంత చోటు మీద, అంటే చదరపు సెంటీమీటరు మీద, సుమారు కిలో బరువుతో నొక్కుతుంది. అంతే వెడల్పున్న గొట్టంలో కిలో నీళ్లు, అంటే లీటరు నీళ్లు, పోస్తే ఎంత ఎత్తు నిలుస్తాయి? వెయ్యి సెంటీమీటర్లు. పది మీటర్లు! పంపు చేసేది పైపులో గాలిని పలచన చెయ్యడమే. పూర్తిగా లేకుండా చేసినా బయటి గాలి అంతకుమించి నూకలేదు. అది ఏ హెచ్‌పీ అయినా ఒకటే.

"ముప్పై ఫీట్లంటే పది మీటర్ల లోపే గదా?" అన్నాడు బావ. మంచి ప్రశ్న. బావకు గోరంత చోటు లెక్క అక్కర్లేదు. నీళ్లు పోసి నింపితేనే పంపు పట్టుకుంటుందని, జాయింటులో గాలి దూరితే వదిలేస్తుందని నాకన్నా బాగా తెలుసు. "ఫుట్‌వాల్వు, పైపు రాపిడి, చిన్న చిన్న లీకులు తలా కొంత తింటయి బావా. చివరికి మనకు మిగిలేది ఇరవై రెండు, ఇరవై మూడు ఫీట్లే" అన్నాను. కిందటేడు నీళ్లు ఇరవై అడుగుల్లోనే ఉండేవట.

సాయంత్రానికి పాత మూడు హెచ్‌పీ మోటరునే బావిలో పదిహేను అడుగుల దిగువనున్న గట్టు మీదికి దింపాం. గాలి నూకాల్సింది ఇక పదిహేను అడుగులే. అక్కణ్ణుంచి పైకి నూకేది పంపే, దానికి ఆ పది మీటర్ల హద్దు లేదు. నీళ్లు పడ్డాయి. ఐదు హెచ్‌పీని దుకాణాయన సగం ధరకు వాపసు తీసుకున్నాడు. మిగతా సగం బావ నెత్తిన పడింది. ఆ రోజు ఫోన్లో ఒక్క ప్రశ్న నేను అడిగి ఉంటే పడేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొన్న మళ్లీ ఫోన్. "మామా, తొమ్మిదికొచ్చిన. గాలి పది మీటర్లే నూకుతదని తెలుసు. బోరుల మోటరు నీళ్లల్లనే మునిగి ఉంటదని గూడ తెలుసు. అది కిందికెల్లి నూకుతది, అందుకే రెండొందల ఫీట్లు ఎక్కుతయి, గంతే గదా? ఇగ నాకు తెల్వనిది ఒక్కటే. ఇంకా లోతుకు పోతే కరెంటు ఎందుకు ఎక్కువ కాలుతది?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.