ముప్ఫై ఒక్క వాక్యాలు

పుస్తకం రాతప్రతి ఇవ్వడానికి ఇంకా పన్నెండు రోజులుంది. మా తోడికోడలు ఫోన్ చేసి "శనివారం వస్తున్నాం, పది రోజులుంటాం. నీకు తెలుసుగా?" అంది. "తెలుసక్కా" అన్నాను. నాకు తెలియదు. ఊళ్లో లేని నా సహచరుడు వాళ్లన్నయ్యకి మాటిచ్చేశాడు.

ఆ రాత్రి ఫోన్లో అతనికి రాస్తూ పోయాను. పంపకుండా దాచి పడుకున్నాను. పొద్దున్నే దాన్ని కాగితం మీద ఎత్తి రాసి, విద్యార్థుల వ్యాసాలు దిద్దినట్టు పెన్సిల్ పట్టుకున్నాను. ముప్ఫై ఒక్క వాక్యాలు. పాత సంగతులు తొమ్మిది, అతని మీద తీర్పులు పదకొండు, ఈసారి జరిగింది అయిదు, నా క్షమాపణలు నాలుగు. నాకేమైందో చెప్పేవి రెండంటే రెండు. ఏం కావాలో చెప్పేది ఒక్కటీ లేదు.

క్షమాపణలు ముందు కొట్టేశాను. అవి సులువు. తీర్పుల దగ్గరే మోసపోయాను. "నువ్వు నన్ను మనిషిగా చూడవనిపించింది" అని రాసి అది నా బాధే అనుకున్నాను. "అనిపించింది" తీసేస్తే మిగిలింది అతని మీద అభియోగమే, అందులో నేను లేను. మరి నేనెక్కడున్నాను? ఇరవయ్యారో వాక్యంలో, ఓ మూల: "తెలుసని అబద్ధం చెప్పాను." కోపం కింద ఉన్నది అవమానం.

పాత సంగతులు తీయడానికి చెయ్యి రాలేదు. మా నాన్న ఆపరేషన్ రోజు సంగతి కూడా ఉంది అందులో. కానీ అది ఉంటే అతను దానికే జవాబిస్తాడు, ఆరోజు తానెక్కడున్నాడో చెబుతాడు, శనివారం పక్కకు పోతుంది. నోటుబుక్కులో ఉంచాను. అది వేరే ఉత్తరం.

తగ్గించుకోవడం మనకు చిన్నప్పట్నించీ నేర్పిందే కదా అన్న అనుమానమూ వచ్చింది. నిజంగానే రెండో ప్రతిలో అతి చేశాను: "వీలైతే ఇకముందు కాస్త చెప్పు." పొట్టిగా ఉంది, మర్యాదగా ఉంది, నాక్కావలసింది మాత్రం లేదు. చెప్పడం అంటే నిర్ణయం అయిపోయాక తెలియజేయడం. నాక్కావలసింది అడగడం.

చివరికి పంపింది ఇది:

"శనివారం సంగతి అక్క చెబితే తెలిసింది. ముందే తెలిసినట్టు అబద్ధం చెప్పాను. చాలా అవమానంగా అనిపించింది. ఈ పన్నెండు రోజులు నాకు రాతప్రతికి కావాలి. అన్నయ్యతో ఈరోజే మాట్లాడి తేదీ మార్చు. ఇకముందు మనింటికి ఎవర్ని రమ్మనాలన్నా, మాటిచ్చే ముందు నన్నడుగు."

సాయంత్రం జవాబొచ్చింది. తేదీ మారుస్తానని ఒక ముక్క. దాని కింద: "వదినతో తెలుసని ఎందుకన్నావు?"

దానికి ఫోన్లో ఏమీ రాయలేదు. అతను ఇంటికొచ్చిన రాత్రి చెప్పాను, నోటుబుక్కు పక్కనే పెట్టుకుని.