ఈదీ కార్డు పోయి సాత్ కార్డు వచ్చె

మా చెల్లెలి పార్లర్ పాత గుంటూరులో ఒక సందులో ఉంది. ఇంటి ముందు గదే దుకాన్. రెండు కుర్చీలు, ఒక అద్దం, గుమ్మానికి ఆకుపచ్చ పర్దా. నాకు లోపలికి ఇజాజత్ లేదు. మెట్ల మీద కూర్చుంటే చాయ్ బయటికొస్తుంది, సంగతులు పర్దా వెనక నుంచి వినబడతాయి.

పోయిన రంజాన్ ముందు ఆమె గాహక్‌ల కోసం ఒక కార్డు కొట్టించింది. మెయిన్ రోడ్డు మీద ఏసీ సెలూన్ తెరిచారు, పాతవాళ్లు అటు పోతారని ఫికర్. కార్డు పేరు ఈదీ కార్డు. కింద ఒకే లైను: పదిసార్లు వస్తే మెహందీ ఫ్రీ. పేరు పెట్టింది నేనే. పేపర్లో హెడ్డింగులు పెట్టేవాణ్ణి కదా, ఐదు నిమిషాల్లో తేల్చేశాను.

చాంద్ రాత్ నాడు నిండిన కార్డులతో పదకొండు మంది వచ్చారు. మోచేతుల దాకా రెండు చేతులకూ పెట్టాలంటే మనిషికి ముప్పావు గంట. డబ్బులిచ్చేవాళ్లు లైను చూసి వెనక్కి పోయారు. "ఒక్క అరచేతికే ఫ్రీ" అంది మా చెల్లెలు. "అలా ఎక్కడ రాసుంది?" అని ఎదురింటి ఖాలా కార్డు చూపించింది. ఎక్కడా రాసి లేదు. ఖాలా నారాజై వెళ్లిపోయింది, మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

తప్పు సగం లైనుది, సగం పేరుది. ఈదీ అంటే పెద్దలు పండగనాడు పిల్లల చేతిలో పెట్టే డబ్బు. అడిగి తీసుకునే హఖ్ ఉన్న డబ్బు. ఆ మాట కార్డు మీద వేశాక జనం పండగనాడు రాక ఇంకెప్పుడొస్తారు? లైను చదవకముందే పేరు వాదా చేసేసింది.

ఈ ఏడు మళ్లీ కూర్చున్నాం. ముందు "వఫా" అన్నాను. విశ్వాసంగా వచ్చేవాళ్ల కార్డుకి అంతకంటే సరైన లఫ్జ్ ఏముంటుంది? లోపల ఐబ్రోస్ చేయించుకుంటున్న అమ్మాయి పకపకా నవ్వింది. "అయితే ఒక్కసారి వేరే పార్లర్‌కి పోతే నేను బేవఫానా?" వఫా అక్కడితో ఖతం. "నూర్" మా చెల్లెలికే నచ్చలేదు, రంగు తెల్లబరుస్తామన్నట్టు ఉందంది. "ఖిస్మత్" అంటే లాటరీ అనుకుంటారు. "సోలా సింగార్" బాగా ఊరించింది, తెలుగువాళ్లకీ సింగారం తెలిసిన మాటే. కానీ పదహారు అనగానే పదహారు గడులు ఉండాలి. ఐబ్రోస్‌కి ఒక మనిషి నెలకోసారి వస్తుంది. పదహారు నెలలు ఆ అట్టముక్క ఏ పర్సులో బతుకుతుంది?

లెక్క దగ్గరే దారి దొరికింది. ఏడు గడులు చాలు. ఏడంటే సాత్, తోడుగా అంటే సాథ్, మన నోట రెండూ ఒకేలా పలుకుతాయి. అందుకని కార్డు మనిషికి కాదు, ఇంటికి. అమ్మీ వచ్చినా, కూతురొచ్చినా, బహూ వచ్చినా ఒక ముద్ర. ఒక్కరే అయితే ఆరు నెలలు పట్టేది ముగ్గురుంటే రెండు నెలల్లో నిండుతుంది.

మొదటి గడిలో ముద్ర వేసే ఇస్తాం, అది మా తరఫున సలాం. ఇది నా తెలివి కాదు. అమెరికాలో నూన్స్, డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు కార్లు కడిగే చోట పరీక్షించి 2006లో రాశారు. సగం మందికి ఎనిమిది ఖాళీ గడుల కార్డు, సగం మందికి రెండు ముద్రలు ముందే పడ్డ పది గడుల కార్డు ఇచ్చారు. నింపాల్సినవి ఇద్దరికీ ఎనిమిదే. ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం మంది నింపితే, ముద్రలున్నవాళ్లలో 34 శాతం మంది నింపారు.

ఏం ఇవ్వాలన్న దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడలేదు. ఏడోసారి ఐబ్రోస్ ఫ్రీ అని నేనన్నాను. "కనుబొమ్మలు తీయించుకోవడం జాయిజ్ కాదనుకునే వాళ్లు నా దగ్గరికి జుట్టు కత్తిరించుకోవడానికి వస్తారు భాయ్‌జాన్, వాళ్లకేం ఇవ్వాలి?" అంది. నాకు తట్టని మాట. పని పేరు తీసేసి యాభై రూపాయలు అని పెట్టాం. ఆమె దగ్గర ఐబ్రోస్ యాభై. ఆరుసార్లకు మూడొందలు, అందులో ఆరోవంతు వదులుకుంటుంది. ఆరొందల ఫేషియల్ ఫ్రీగా చెయ్యమని ఎవరూ అడగలేరు.

కార్డు ఇలా వచ్చింది:

సాత్ కార్డు
మీ ఇంట్లో ఎవరొచ్చినా ఒక ముద్ర, ఏడు నిండిన రోజు బిల్లులో 50 రూపాయలు తక్కువ. పండగ ముందు మూడు రోజులు చెల్లదు.

ఆ చివరి మాట చిన్నక్షరాల్లో వెయ్యనా అని ప్రెస్ అబ్బాయి అడిగాడు. వద్దంది, అన్నీ ఒకే సైజు. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఉర్దూ.

మొదటి కార్డు ఎదురింటి ఖాలాకి పంపింది, రెండు గడుల్లో ముద్ర వేసి. ఖాలా ఇంకా రాలేదు. నిన్న మనవరాలు వచ్చి మూడోది వేయించుకుని పోయింది.