తొమ్మిదింటి స్లాట్

మా టర్ఫ్ గచ్చిబౌలిలో ఉంది. గురువారం రాత్రి తొమ్మిది నుంచి పది దాకా మాది. పది మందిమి డబ్బులు వేసుకుని బుక్ చేస్తాం కాబట్టి ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది. తొమ్మిదికి గేటు తీస్తే తొమ్మిదీ రెండుకి బంతి కదలాలి. వార్మప్ అంటే, లేసులు కట్టుకుంటూ ఓ కాలు వల కంచె మీద పెట్టి, ముందుకు వంగి, వేళ్ళతో షూ ముట్టుకోవడం. అంతే. నేనూ అదే చేసేవాణ్ణి, కొంచెం గర్వంగా కూడా. మిగతావాళ్ళు అదీ చేసేవాళ్ళు కాదు మరి.

రెండేళ్ళ కింద, అలా వంగి లేచిన నాలుగో నిమిషంలో, ఎవరో ముందుకు కొట్టిన బంతి కోసం పరిగెత్తాను. పొద్దున్నుంచీ తొమ్మిది గంటలు కుర్చీలో ఉన్న కాళ్ళు. ఎడమ తొడ వెనక టక్‌మంది. ఎవరో వెనకనుంచి తన్నారనుకుని తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

మూడు వారాలు రెస్ట్ తీసుకున్నాను. నొప్పి పోయింది. పోయిందంటే తగ్గినట్టే కదా అని మళ్ళీ దిగాను. రెండో ఆటలో అదే కాలు, అదే చోట, ఈసారి ఇంకా గట్టిగా. అప్పుడు గానీ ఫిజియో దగ్గరికి వెళ్ళలేదు. ఆవిడ ముందుగా అడిగింది, "మీరు స్ట్రెచింగ్ చేస్తారా?" అని. చేస్తానండీ అన్నాను, మంచి మార్కులు వస్తాయేమోనని. "దానివల్ల ఇది ఆగదు" అంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మాటల్లో రాస్తాను. జోరుగా పరిగెత్తేటప్పుడు కాలు ముందుకు విసిరినట్టుగా వెళ్తుంది. పాదం నేల తాకడానికి ముందు ఆ విసురుని ఆపే పని తొడ వెనక కండరానిది, అంటే హామ్‌స్ట్రింగ్‌ది. అంటే అది సాగుతూనే గట్టిగా పట్టి ఉంచాలి. శ్రీశైలం ఘాట్ దిగే బస్సుకి బ్రేకులు చేసే పని లాంటిది. చాలాసార్లు చిరిగేది ఆ క్షణంలోనే. కంచె మీద కాలు పెట్టి వంగితే కండరం సాగడం అలవాటవుతుందేమో గానీ, సాగుతూ బరువు ఆపే బలం రాదు. పైగా ఒకసారి చిరిగిన కండరం మళ్ళీ చిరిగే అవకాశం ఎక్కువ. నొప్పి పోవడం వేరు, బలం తిరిగి రావడం వేరు. నేను మొదటిదాన్ని చూసి రెండోది కూడా వచ్చేసిందనుకున్నాను.

ఆ బలానికి ఒక వ్యాయామం ఉంది, పేరు నార్డిక్. మెత్తటి దాని మీద మోకాళ్ళపై నిలబడాలి. ఎవరైనా చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. (మా ఇంట్లో మా ఆవిడ ఫోన్ చూసుకుంటూ వాటి మీద కూర్చుంటుంది.) మోకాలి నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి, మెల్లగా ముందుకు వాలాలి. ఇక ఆపలేం అన్నప్పుడు చేతులు నేలకి ఆన్చి, చేతులతోనే తోసుకుని వెనక్కి రావాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నడుం దగ్గర వంగిపోతాం. అప్పుడు చూడ్డానికి నమస్కారంలా ఉంటుంది, కండరానికి పనేమీ ఉండదు. మొదటిరోజు నేను కొద్దిగా వాలగానే తాటికాయలా పడ్డాను. ఎంతదాకా పడకుండా ఆపగలుగుతున్నామన్నదే దీనిలో కొలత.

2011లో అచ్చయిన ఒక డెన్మార్క్ అధ్యయనంలో వాడిన పట్టికే ఆవిడ నాకు ఇచ్చింది. మొదటి వారం ఒకే ఒక్కరోజు, ఐదేసి చొప్పున రెండుసార్లు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి రెండుసార్లు. మూడో వారం నుంచి వారానికి మూడు రోజులు, మూడేసిసార్లు, అంకె మెల్లగా పెంచుతూ. ఐదో వారం నుంచి పదో వారం దాకా పన్నెండు, పది, ఎనిమిది. ఇంత నిదానం ఎందుకని అడిగాను. మొదటిసారి చేసిన రెండో రోజు మెట్లు దిగుతుంటే తెలిసింది. ఆ నొప్పి రెండు కాళ్ళకీ సమానంగా, బరువుగా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒకే కాలికి, వేలు పెట్టి చూపించగలిగే ఒకే చోట ఉంటే అది వేరే నొప్పి, ఆపేయాలి. తర్వాత, 2015లో, నెదర్లాండ్స్‌లో మనలాంటి అమెచ్యూర్ ఆటగాళ్ళ మీద కూడా దీన్ని పరీక్షించారు. హామ్‌స్ట్రింగ్ గాయాలు సగానికి పైగా తగ్గాయి.

గజ్జల సంగతి మా గోల్‌కీపర్ నుంచి తెలిసింది. వాడికి టక్‌మనలేదు. పాదం లోపలి వైపుతో పాస్ ఇచ్చినప్పుడు గజ్జలో చిన్న పోటు. "కదిలితే పోతుంది మామా" అని రెండు నెలలు ఆడాడు. నిజంగానే కదిలాక పోయేది, మర్నాడు పొద్దున కార్లోంచి దిగేటప్పుడు రెట్టింపై వచ్చేది. ఇలాంటి దానికి ఐదు సెకన్ల పరీక్ష ఒకటి ఉంది. వెల్లకిలా పడుకుని కాళ్ళు చాపాలి. ఇంకొకరు రెండు చీలమండల మధ్య తమ ముంజేయి అడ్డం పెడతారు. దాన్ని ఐదు సెకన్లు శక్తికొద్దీ నొక్కి, నొప్పికి పదికి మార్కులేసుకోవాలి. రెండులోపైతే ఆడొచ్చు, మూడు నుంచి ఐదైతే జాగ్రత్త, ఐదు దాటితే ఆట లేదు. వాడు ఏడు చెప్పి, ఆరు రాసుకోమన్నాడు.

వాడి వ్యాయామం కోపెన్‌హాగెన్. పక్కకి తిరిగి మోచేతి మీద ఆనుకుని, పై కాలు సోఫా మీద పెట్టి, ఆ కాలి లోపలి కండరంతో ఒళ్ళంతా పైకి లేపడం, మెల్లగా దించడం. మొదట్లో మోకాలు సోఫా మీద ఉండాలి. అది తేలికయ్యాక చీలమండ. నార్వేలో సెమీ ప్రొఫెషనల్ జట్లు సీజన్‌కి ముందు వారానికి మూడుసార్లు, తర్వాత ఒక్కసారి చేస్తే, గజ్జల బాధ వచ్చే అవకాశం 41 శాతం తగ్గింది.

ఇవన్నీ ఆటకి ముందు చేద్దామని మొదట్లో మేం ఉత్సాహపడ్డాం. అది తప్పు. అలిసిన బ్రేకులతో ఘాట్ దిగినట్టే. రిలీజ్ రోజున కొత్త కోడ్ కలపం కదా! ఫిఫా వాళ్ళ 11+ వార్మప్‌లో మూడు భాగాలుంటాయి. మధ్యది బలానికి, నార్డిక్ అందులోదే. మ్యాచ్ రోజు ఆ భాగం వదిలేసి, పరుగులుండే మొదటి, మూడో భాగాలు మాత్రమే చేయమని వాళ్ళే చెప్తారు. మొదటిది ఎనిమిది నిమిషాలు, మూడోది రెండు.

అక్కడే మా గంట సమస్య తీరింది. ఎనిమిదీ యాభైకి పార్కింగ్‌లో కలుస్తాం. ఐదారు మీటర్ల ఎడంతో బండ్లనే గుర్తులుగా పెట్టుకుని మెల్లటి జాగింగ్. తర్వాత ఆగి ఆగి, మోకాలు ఎత్తి బయటికి తిప్పడం, మళ్ళీ లోపలికి. జతగాడి చుట్టూ పక్కడుగులు. గాల్లోకి ఎగిరి భుజం భుజం తాకించడం. చివర్లో గబగబా రెండు గుర్తులు ముందుకి, ఒకటి వెనక్కి. ఒక్కోటి రెండుసార్లు. గేటు తీశాక టర్ఫ్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పాతిక వేగంతో పరుగు, ఆరేడు ఎగిరే అంగలు, ఆ తర్వాత పరుగులో చటుక్కున పక్కకి తిరగడం. నాకు ముఖ్యమైంది ఆ ముప్పాతిక పరుగే. ఆ రాత్రి కాలు చూసే మొదటి జోరు పరుగు బంతి వెనకాల కాకుండా చూస్తుంది. ఇదంతా అయ్యేసరికి తొమ్మిదీ రెండు.

నార్డిక్, కోపెన్‌హాగెన్ శుక్ర, ఆది, మంగళ వారాల్లో ఇంట్లో. ఇప్పుడైతే వారానికి ఒక్కరోజే. నా కాలు మళ్ళీ చిరగలేదు. నా ఒక్కడి కాలు సాక్ష్యం కాదని నాకు తెలుసు. పోయిన వానాకాలంలో టర్ఫ్ మూసేస్తే ఐదు వారాలు మానేశాను. మళ్ళీ మొదలుపెట్టిన రోజు తాటికాయే. పట్టికలో మొదటి వారానికి తిరిగొచ్చి, ఐదేసి రెండుసార్లు చేశాను.

గోల్‌కీపర్ నెలన్నర ఆడకుండా, స్కోరు రాస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు ఎనిమిదీ యాభైకి పార్కింగ్‌లో అందరికంటే ముందుండేది వాడే. కొత్తగా చేరిన కుర్రాడు మొన్న కంచె మీద కాలు పెట్టి వంగుతుంటే, వాడు వెళ్ళి, "దించు తమ్ముడూ, ఇటు రా" అన్నాడు.