ఒకే పోస్టు, అరవై గ్రూపులు

జూలై 17న కారంచేడు మీద పోస్టు పెట్టిన గంటలోపే నా ఖాతాకు కట్టుబాటు పడింది. గ్రూపుల్లో రాయలేను, కామెంటు పెట్టలేను, ఎవర్నీ ట్యాగ్ చేయలేను. "కులం మాటెత్తితే ఇంతే, నోరు నొక్కేస్తారు" అని మన మిత్రులు చాలామంది రాశారు. నా మీద ప్రేమతోనే రాశారు. కానీ ఆ రోజు నా నోరు నొక్కుకున్నది నేనే. ఇన్నాళ్ళూ సిగ్గుతో చెప్పలేదు.

1985లో ఆరుగురు మాదిగల్ని చంపిన ఆ రోజును కొత్త తరానికి గుర్తు చేయాలని పెద్ద వ్యాసమే రాశాను. మా డిగ్రీ పిల్లాడొకడు వచ్చి, "సార్, ఒక్కో గ్రూపులో అతికించుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతాది. నా దగ్గర ఎక్స్‌టెన్షన్ ఉంది, ఒకసారి నొక్కితే సాలు" అన్నాడు. సరే కానీరా అన్నాను. అరవై గ్రూపులు, ఎనిమిది సెకన్లకొకటి. అదే సమయంలో నేను ఫోన్లో కామెంటుకు ముప్పై మంది చొప్పున ట్యాగ్ చేస్తూ పోయాను. నలభయ్యో గ్రూపు దగ్గర ఆగింది. వాడు మళ్ళీ నొక్కాడు, మళ్ళీ ఆగింది. నాలుగోసారికి అన్నీ ఆగిపోయాయి.

నోరు నొక్కారా, వేగం ఆపారా అని తెలుసుకోవడం కష్టం కాదు. నా గోడ మీద ఆ వ్యాసం చెక్కుచెదరకుండా ఉంది. రాతలో తప్పు పట్టి ఉంటే ముందు పోయేది ఆ రాతే, ఏ నియమం తప్పానో కూడా నోటీసులో ఉండేది. నాకు వచ్చిన నోటీసులో కులం లేదు, ద్వేషం లేదు, స్పామ్ అన్న మాట ఒక్కటే ఉంది. మనల్ని తిట్టిన బూతును సాక్ష్యంగా రాస్తే మన పోస్టే ఎగిరిపోవడం ఇంకో కథ. ఆ కోపాన్ని ఇక్కడ ఖర్చు చేయకూడదు.

మాదిగ దండోరా 1994లో ఈదుమూడిలో మొదలైనప్పుడు ఆ పేరు ఊరికే పెట్టుకోలేదు. చాటింపు వేసే మనిషి ప్రతి వీధి మొగలోనూ అదే మాట చెప్తాడు. కానీ ఆగుతాడు. ఎవరో "ఏందిరా అది?" అంటారు, జవాబు చెప్పి కదులుతాడు. యంత్రానికి ఆ ఆగడం కనిపించాలి. నా ఖాతాలో దానికి కనిపించిందేమిటి? ఒకే పాఠం, ఒకే లింకు, కొలిచినట్టు ఎనిమిది సెకన్ల ఎడం. గ్రూపు తెరిచి నాలుగు లైన్లు చదివి రాసే మనిషికి అలా కుదరదు. అప్పుల యాప్ అమ్మేవాడి ఖాతా మాత్రం సరిగ్గా ఇలాగే నడుస్తుంది. చివర ఒక ఎమోజీ మారిస్తే యంత్రం మోసపోతుందని మనలో ఒక నమ్మకం ఉంది. పాఠాన్ని ముక్కలుగా పోల్చే పద్ధతులున్నాయి. వెయ్యి మాటల్లో రెండు మారితే వాటికి అది పాత పోస్టే.

ట్యాగుల సంగతి ఇంకా చేదు. నేను ట్యాగ్ చేసినవాళ్ళలో సగం మంది నాకు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు. కొందరు ట్యాగ్ తీసేసుకున్నారు, ఒకరిద్దరు విసుగొచ్చి స్పామ్ అని నొక్కామని తర్వాత నాతోనే చెప్పారు. శత్రువులు కాదు, మనవాళ్ళే.

"రోజుకు ఎన్ని గ్రూపులైతే పర్లేదు సార్?" అని అడుగుతున్నారు. స్థిరమైన అంకె ఎవరూ చెప్పరు. పాతిక అని ప్రకటిస్తే స్పామ్ చేసేవాడు ఇరవై నాలుగు దగ్గర ఆగుతాడు. పైగా ఖాతా వయసును బట్టి, పాత నోటీసులను బట్టి హద్దు మారుతుంది.

ఇంకో భయం ఎక్స్‌టెన్షన్‌ది. అది మన లాగిన్ మీదే నడుస్తుంది, అంటే మన ఇన్‌బాక్సు కూడా దాని చేతిలోనే. ఆ ఇన్‌బాక్సులో కేసులు పెట్టిన ఆడవాళ్ళ వివరాలు ఉన్నాయి. కొన్ని సాధనాలు ఎక్కడో సర్వర్ నుంచి మన పేరుతో లాగిన్ అవుతాయి. ఫోను అనంతపురంలో, లాగిన్ ఇంకో దేశంలో అయితే ఖాతా ఎవరో దొంగిలించారని తాళం వేయడం న్యాయమే.

ఈ హద్దులంటే నాకు పూర్తిగా కోపం రాకపోవడానికి ఒక కారణం ఉంది. 2018 జూలై 1న ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు సంచార జాతి మనుషుల్ని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళని అనుమానించి కొట్టి చంపారు. అడుక్కుని బతికే మనుషులు. అప్పట్లో అలాంటి పుకార్లు దేశమంతా ఫార్వర్డుల్లోనే తిరిగాయి. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అని హద్దు పెట్టింది. అదే హద్దు మన కరపత్రాన్నీ ఆపుతుంది. ఏది పుకారో ఏది కరపత్రమో దానికి తెలియదు.

ఎక్స్‌టెన్షన్ తీసేయించాను. పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూశాను. కట్టుబాటు ఉన్నన్నాళ్ళూ మళ్ళీ నొక్కి చూడలేదు. ఆగస్టు 6న చుండూరు వ్యాసం నా గోడ మీద ఒక్కచోటే పెట్టి, కదిరి, ధర్మవరం, గుంతకల్లు మిత్రులు ముగ్గురికి లింకు పంపాను. ఎవరి గ్రూపులో వాళ్ళు తమ మాటల్లో నాలుగు లైన్లు రాసి దాన్ని పెట్టారు. గుంతకల్లు గ్రూపులో ఒక పెద్దాయన, 1991లో ఆ వార్త విన్న రోజు ఏం చేశాడో రాసుకొచ్చాడు. ఆయనకు జవాబు రాస్తూ ఆ సాయంత్రమంతా కూర్చున్నాను.